పంపు దగ్గర ఆగిపోయిన సీఎన్‌జీ కారు: బ్యాటరీ కేసు, వైరింగ్ గుట్టు

ఆదివారం తెల్లవారుజామున విజయనగరం నుంచి అరసవల్లి దర్శనానికి బయల్దేరిన కుటుంబం అది. రిటైరైన మాస్టారు, ఆయన భార్య, కూతురు, అల్లుడు. బండి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, దానికి తర్వాత బయట పెట్టించిన సీక్వెన్షియల్ సీఎన్‌జీ కిట్. నాతవలస దగ్గర జాతీయ రహదారి ఎక్కి, రణస్థలం దాటాక ఒక పంపులో గ్యాస్ పట్టించుకున్నారు. రూలు ప్రకారం ఇంజన్ ఆపి అందరూ దిగారు. పట్టడం అయింది, ఎక్కారు, తాళం తిప్పితే టక్ టక్ మనడం తప్ప సెల్ఫ్ తిరగలేదు. వెనక ఆటోలు హారన్లు మొదలుపెట్టాయి.

పంపు మేనేజరుకు నేను పరిచయం. నాది శ్రీకాకుళంలో ఆటో ఎలక్ట్రికల్ షాపు. ఆయన ఆఫీసు గదిలోంచి ఫోన్ చేశాడు. "గురువుగారూ, ఇక్కడ లారీ డ్రైవరు ఒకాయన కేబుల్ తెచ్చి ఇక్కడే తగిలించేస్తానంటున్నాడు. కార్లో ఉన్న బాబు కూడా ఒక్క నిమిషం పనే కదా అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?"

నేను చెప్పింది ఇది. ఎవరూ బానెట్ ఎత్తొద్దు, తాళం మళ్లీ మళ్లీ తిప్పొద్దు. స్టీరింగ్ లాక్ వదిలేంత వరకే, అంటే మొదటి గడి వరకే తాళం తిప్పి, న్యూట్రల్‌లో పెట్టి, నలుగురు కలిసి తోసి పంపు ఆవరణ బయటకి, సర్వీసు రోడ్డు పక్కకి చేర్చండి. తోసేటప్పుడు గేరు వేసి స్టార్ట్ చేసే ప్రయత్నం అక్కడ వద్దు. ఇంజన్ తిరగదు కాబట్టి బ్రేకు గట్టిగా ఉంటుంది, స్టీరింగ్ బరువుగా ఉంటుంది. ఆ సంగతి తెలిసినవాళ్లే డ్రైవరు సీట్లో కూర్చోవాలి. నేను వచ్చేదాకా డిక్కీ తలుపు తెరిచి ఉంచండి.

ఆ "ఒక్క నిమిషం" ఎందుకు కుదరదో చెప్పాలి. జంప్ చేసేటప్పుడు, అంటే వేరే బండి బ్యాటరీ నుంచి కేబుల్ వేసి కరెంటు తీసుకునేటప్పుడు, చివరి క్లిప్పు తగిలించే క్షణంలో నిప్పురవ్వ రావడం మామూలే. క్లిప్పు సరిగ్గా పట్టకపోతే ఒకటికి నాలుగు వస్తాయి. పంపు అంటే ఆ రవ్వ కోసం కాచుకుని ఉన్న చోటు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, పైకి పోదు, నేలమీదే పాకుతుంది. పది అడుగుల అవతల ఎవరో స్కూటర్లో పెట్రోల్ పోయించుకుంటుంటే ఆ ఆవిరి మన బంపర్ కిందకి రాకూడదని ఏమీ లేదు. సీఎన్‌జీ గాలికంటే తేలిక, పైకి పోతుంది, నిజమే. కానీ నాజిల్ ఊడదీసేటప్పుడు గొట్టంలో మిగిలిన గ్యాసు 'సుయ్' మని బయటకు వస్తుంది. అది బానెట్ కిందో, డిక్కీలోనో, పైకప్పు కిందో ఆగితే చెదిరిపోవడానికి కొంతసేపు పడుతుంది. గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం వరకు సీఎన్‌జీ కలిస్తే అంటుకుంటుంది.

ఇంకొకటి, చాలామంది లెక్కలోకి తీసుకోనిది బ్యాటరీయే. ఛార్జ్ అవుతున్న సీసం-యాసిడ్ బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో 4 శాతం ఉంటే చాలు, అంటుకోవడానికి చిన్న రవ్వ సరిపోతుంది. అప్పుడు బ్యాటరీ డబ్బాయే పేలి యాసిడ్ ముఖం మీద పడుతుంది. అందుకే కొందరు మెకానిక్కులు 'కరెంటు ఉందా లేదా' అని ప్లస్సుకీ మైనస్సుకీ తీగ గీకి రవ్వ చూసే పద్ధతి నాకు అసలు నచ్చదు. మల్టీమీటర్ ఐదారు వందలకు దొరుకుతున్న రోజుల్లో ఆ పనికి అర్థం లేదు.

నేను వెళ్లేసరికి కారు సర్వీసు రోడ్డు అంచున ఉంది. ముందు బ్యాటరీ జోలికి పోలేదు. డిక్కీలో ముక్కు పెట్టి చూస్తే సన్నగా గ్యాసు వాసన. సిలిండర్ మీది వాల్వు చేత్తో మూసేశాను. సబ్బు నురగ కలిపి వాల్వు జాయింటుకీ, పైపు నట్లకీ, ముందువైపు ఫిల్లింగ్ వాల్వుకీ రాసి చూశాను. ఎక్కడా బుడగ లేదు. పదినిమిషాల్లో వాసన కూడా పోయింది. పట్టేటప్పుడు వచ్చిన గ్యాసే లోపల నిలిచిందన్నమాట. బుడగ ఒక్కటి కనపడినా, వాసన తగ్గకపోయినా ఆ బండికి అక్కడ జంప్ ఇచ్చేవాణ్ణి కాదు, వాల్వు మూసి తాడు కట్టించి లాగించేవాణ్ణి. 200 బార్ల ఒత్తిడి ఉన్న సిలిండర్‌తో మొహమాటాలు కుదరవు.

ఎల్‌పీజీ బండి అయితే ఈ దశలో ఆలోచన మారుతుంది. ఎల్‌పీజీ గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, పల్లంలోకి దిగుతుంది, కాలువలోనో గుంతలోనో నిలుస్తుంది. కాబట్టి ఆటోగ్యాస్ బండిని తోసేటప్పుడు మురుగుకాలువ పక్కకో, షాపులో కిందనుంచి పనిచేసే పిట్ మీదకో తోయకూడదు. కాస్త ఎత్తుగా, గాలి ఆడే చోట ఆపాలి. ఇంట్లో వంటకు వాడే సిలిండర్ను వెనక సీటు కింద పెట్టుకుని తిరిగే బండిని మాత్రం నేను ముట్టుకోను. అది చట్టప్రకారం నేరం, పైగా ఆ రెగ్యులేటరూ రబ్బరు గొట్టమూ కదిలే బండి కోసం చేసినవి కావు.

వాసన పోయాక బానెట్ ఎత్తాను. మైనస్ టెర్మినల్ మీద తెల్లగా, అంచుల్లో పచ్చగా ఉప్పు పేరుకుని ఉంది. డబ్బా ఉబ్బలేదు, పగుళ్లు లేవు, సెల్సులో నీళ్లు ప్లేట్ల పైనే ఉన్నాయి. ఈ మూడూ ముందు చూసుకోవాలి. ఉబ్బిన బ్యాటరీకి, పగిలిన బ్యాటరీకి, నీళ్లు ఎండిపోయిన బ్యాటరీకి జంప్ ఇవ్వకూడదు.

మీటరు పెడితే 11.8 వోల్టులు. పూర్తి ఛార్జిలో ఉండి, కాసేపు విశ్రాంతిగా ఉన్న బ్యాటరీ 12.6 చూపాలి. 12.2 అంటే సగం. 11.8 అంటే అడుగంటినట్టే. అల్లుడు గారిని ఒక్కసారి, రెండు సెకన్లు మాత్రమే తాళం తిప్పమన్నాను. వోల్టేజి 7 చిల్లరకు పడిపోయింది. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కంటే కిందకి రాకూడదు. మరోసారి తిప్పించి, మీటరు ఒక తీగ మైనస్ పోస్టు మీద, రెండోది ఇంజన్ లోహం మీద పెట్టాను. అక్కడ సున్నాకి దగ్గరగా, మహా అయితే పాయింట్ రెండు, పాయింట్ మూడు వోల్టులు రావాలి. 1.5 వచ్చింది. అంటే బ్యాటరీలో ఉన్న కొద్దిపాటి శక్తిలో కూడా ఒక భాగం ఆ ఉప్పు పట్టిన టెర్మినల్ దగ్గరే వేడి అయిపోతోంది. డైనమో ఛార్జి చేసేటప్పుడూ ఇదే అడ్డం. దారంతా బండి నడిచినా బ్యాటరీకి చేరాల్సింది చేరలేదు. పైగా చీకట్లో హెడ్‌లైట్లు, ఏసీ, బ్లోయర్.

"అయితే కొత్త బ్యాటరీ వెయ్యాలా బాబూ?" అని మాస్టారు అడిగారు. "అప్పుడే చెప్పలేను మాస్టారూ, ముందు బండిని లేపుదాం" అన్నాను.

ఇక్కడ ఫ్యాక్టరీలోనే సీఎన్‌జీ బిగించిన కార్ల గురించి ఒక మాట. వాటిలో చాలావాటికి గ్యాసు పట్టే మూత దగ్గర చిన్న మైక్రోస్విచ్ ఉంటుంది. మూత తెరిచి ఉన్నంతసేపు ఇంజన్ స్టార్ట్ కాదు. పట్టడం అయ్యాక కుర్రాడు మూత సరిగ్గా నొక్కకపోతే, తాళం తిప్పితే ఏమీ జరగదు. లైట్లు మాత్రం ధగధగలాడుతుంటాయి. అది బ్యాటరీ కేసు కాదు, మూత కేసు. లైట్లు మసకబారి టక్ టక్ మంటే బ్యాటరీ, లైట్లు బాగానే ఉండి సెల్ఫ్ దగ్గర ఉలుకూ పలుకూ లేకపోతే ముందు మూత. దీనిది బయట పెట్టించిన కిట్టు కాబట్టి ఆ స్విచ్ లేదు.

లారీ డ్రైవరు ఇంకా అక్కడే ఉన్నాడు, మంచి మనిషే. "నా బండికి రెండు బ్యాటరీలున్నాయి కదా, ఒకదాన్నుంచి ఇచ్చేద్దాం" అన్నాడు. లారీ 24 వోల్టులు. రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరసగా కలిపితే వచ్చేదది. ఒకదాన్నుంచి మాత్రమే తీసుకోవచ్చని సిద్ధాంతంలో చెప్పుకోవచ్చు గానీ, ఎర్త్‌కు దగ్గరగా ఉన్నది ఏదో, పైది ఏదో తేడా పడితే 24 వోల్టులు నేరుగా కారులోకి పోతాయి. అప్పుడు పోయేది బ్యాటరీ కాదు, కారును నడిపే కంప్యూటర్ ఈసీయూ, దానితో పాటు గ్యాస్ కిట్టు ఈసీయూ. మేనేజరు కారు పెట్రోలుది, 12 వోల్టులది. దాన్నే తెప్పించాను.

మైనస్ తీగ ముందు ఊడదీసి, తర్వాత ప్లస్. ముందు ప్లస్ విప్పితే పానా జారి బాడీకి తగిలిందంటే మెరుపే. వేడి నీళ్లలో వంటసోడా కలిపి ఉప్పు కడిగి, బ్రష్షుతో పోస్టులూ క్లాంపుల లోపలి అంచులూ మెరిసేదాకా గీకి, ప్లస్ ముందు, మైనస్ తర్వాత బిగించాను. పైన వేజలిన్ పూశాను.

రెండు కార్లూ ఒకదానికొకటి తగలకుండా పక్కపక్కన ఆపించాం. రెండింటికీ తాళం తీసి, లైట్లూ ఏసీ ఆపి, కార్లో అందరినీ దింపేశాను. మాస్టారి కారు గ్యాస్ స్విచ్ పెట్రోల్ వైపు. సిలిండర్ వాల్వు అప్పటికే మూసే ఉంది. కేబుల్ లావుది, రాగిది. సన్నటి తీగతో ఉన్న చవక కేబుళ్లు వేడెక్కడమే తప్ప సెల్ఫ్ తిప్పవు.

ముందు ఎర్ర క్లిప్పు చచ్చిన బ్యాటరీ ప్లస్సుకి. ఆ తీగ రెండో చివర మంచి బ్యాటరీ ప్లస్సుకి. తర్వాత నల్ల క్లిప్పు మంచి బ్యాటరీ మైనస్సుకి. ఆఖరి నల్ల క్లిప్పు చచ్చిన బ్యాటరీ మైనస్సుకి కాదు, దానికి దూరంగా, రంగు లేని ఇంజన్ లోహానికి. ఈ కారులో ఇంజన్ ఎత్తే కొక్కెం దొరికింది. రవ్వ వచ్చేది ఈ ఆఖరి క్లిప్పు దగ్గరే కాబట్టి, హైడ్రోజన్ ఉండే బ్యాటరీకి, గ్యాస్ ఒత్తిడి తగ్గించే రెడ్యూసర్‌కి, దాని పైపులకి దూరంగా ఉండేలా ఎంచుకోవాలి. గ్యాస్ కారుకు ఇది మామూలు కారుకంటే ముఖ్యం. ఎందుకంటే కిట్టు బిగించేవాళ్లు చాలాసార్లు రెడ్యూసర్‌ని బ్యాటరీ పక్కనే పెడతారు, ఇంజన్ గదిలో ఖాళీ ఉండేది అక్కడే మరి.

మేనేజరు కారు స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ కాస్త నొక్కి ఐదు నిమిషాలు ఉంచాం. ఈ ఐదు నిమిషాల ఓపిక లేక చాలామంది వెంటనే సెల్ఫ్ కొడతారు. అప్పుడు భారమంతా కేబుల్ మీద, ఎదుటి బండి మీద పడుతుంది. ఐదు నిమిషాల్లో చచ్చిన బ్యాటరీ కూడా కొద్దిగా తేరుకుని సాయం పడుతుంది. తర్వాత అల్లుడు గారిని తాళం తిప్పమన్నాను. రెండో తిప్పుకే పెట్రోల్ మీద లేచింది. లేవకపోతే ఒక్కో ప్రయత్నం ఐదు సెకన్లు దాటకూడదు, మధ్యలో నిమిషం ఆగాలి.

పెట్రోల్ మీద లేవాలంటే టాంకులో పెట్రోల్ ఉండాలి కదా. గ్యాస్ చవక అని పెట్రోల్ ముల్లును అడుగున పెట్టుకుని తిరిగేవాళ్లను రోజూ చూస్తుంటాను. ఇలాంటి కిట్లు చాలావరకు పెట్రోల్ మీద లేచి, ఇంజన్ వేడెక్కాకే గ్యాసుకు మారతాయి. టాంకులో మునిగి ఉండే పంపు చల్లబడేది ఆ పెట్రోల్‌తోనే. మాస్టారి కారులో అదృష్టవశాత్తూ నాలుగు లీటర్ల పైనే ఉంది.

తీసేటప్పుడు వరుస తిరగబడుతుంది: ఇంజన్ లోహం మీది నల్ల క్లిప్పు మొదట, చివరిగా మాస్టారి కారు ప్లస్. తీసే ముందు మాస్టారి కారు హెడ్‌లైట్లు వేయించాను, తీగ ఊడే క్షణంలో వోల్టేజి ఎగిరి పడకుండా. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.9 చూపింది. అంటే డైనమో మంచిదే. ఇది తెలుసుకోవడానికి నడుస్తున్న ఇంజన్ మీద బ్యాటరీ టెర్మినల్ పీకి చూసే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. పాత డీజిల్ జీపుల కాలంలో చెల్లింది. ఇప్పటి బండిలో అలా చేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగసి ఈసీయూలను కాల్చేస్తుంది.

డైనమో బాగుంది, టెర్మినల్ శుభ్రమైంది, బండి లేచింది. ఇక్కడితో కేసు మూసేసి డబ్బు తీసుకోవచ్చు. కానీ నాకొక విషయం పొసగలేదు. టెర్మినల్ ఉప్పు ఛార్జింగ్‌ను అడ్డుకుంటుంది గానీ, ఆపి ఉంచిన బండిని ఖాళీ చెయ్యదు. అల్లుడు గారిని అడిగితే, పొద్దున ఇంటి దగ్గర కూడా కష్టంగానే లేచిందని, శుక్రవారం సాయంత్రం నుంచి బండి తియ్యలేదని చెప్పారు. అంతకు ముందు వారం బాగానే లేచిందట, అప్పుడు రోజూ తిప్పుతున్నారట. రోజూ తిప్పితే బాగుండి, రెండు రాత్రులు ఆపితే చచ్చేదాన్ని లోపలనుంచి ఏదో పీల్చుకుంటోంది.

దర్శనానికి ఆటోలో వెళ్లమని చెప్పి బండిని షాపుకు తెప్పించాను. దార్లో ఎక్కడా ఆపొద్దన్నాను.

షాపులో మైనస్ తీగ విప్పి, దానికీ బ్యాటరీకీ మధ్య మల్టీమీటర్‌ను పది ఆంపియర్ల రేంజిలో కట్టాను. తలుపులు మూసి, తాళం తీసి, అరగంట వదిలేశాను, కారులోని కంప్యూటర్లు నిద్రపోవాలి కాబట్టి. అప్పుడు మీటరు 0.03, మహా అయితే 0.05 ఆంపియర్లు చూపాలి. 0.41 చూపింది. గంటకు 0.41 అంటే రోజుకు దాదాపు 10 ఆంపియర్-అవర్లు. ఆ బ్యాటరీ 35 ఆంపియర్-అవర్లది, అదీ కొత్తగా ఉన్నప్పుడు. మూడేళ్లు దాటాక అంత ఉండదు. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం తెల్లవారుజాము వరకు ముప్పై నాలుగు గంటలు వేసుకుంటే 14 పోయినట్టు. సగం ఖాళీ. మిగిలిన దాంతో ఇంటి దగ్గర ఎలాగో లేచి, పంపు దగ్గర పడుకుంది.

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాను. కారు ఫ్యూజులు దేనికీ ముల్లు కదల్లేదు. గ్యాస్ కిట్టు ఫ్యూజు పీకగానే 0.03కి దిగింది.

కిట్టు వైరింగు విప్పి చూస్తే కథ తేలింది. గ్యాస్ ఈసీయూకి రెండు ప్లస్ తీగలు వస్తాయి. ఒకటి ఎప్పుడూ కరెంటు ఉండే బ్యాటరీ ప్లస్, రెండోది ఇగ్నిషన్ తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే లైను. బిగించినవాళ్లు ఇగ్నిషన్ లైను వెతికే శ్రమ లేకుండా రెండింటినీ కలిపి మెలితిప్పి బ్యాటరీ ప్లస్సుకే చుట్టేశారు, పైన ఇన్సులేషన్ టేపు. అంటే తాళం తీసినా గ్యాస్ కంప్యూటర్ రాత్రంతా మేలుకునే ఉంది.

ఇది బ్యాటరీ నష్టంతో పోయేది కాదు. ఇగ్నిషన్ ఆపగానే గ్యాస్ దారిని కరెంటుతో తెరిచి మూసే సొలినాయిడ్లు మూసుకోవాలన్నది కిట్టు భద్రతలో మొదటి మెట్టు. ఆ సమాచారం ఈసీయూకి చేరేది ఆ రెండో తీగ మీదే. ఇక్కడ ఆ తీగ ఎప్పుడూ 'ఇగ్నిషన్ ఆన్' అనే చెబుతోంది. ఇంజన్ తిరగకపోతే కొన్ని సెకన్లలో సొలినాయిడ్లను మూసే రెండో రక్షణ ఒకటి ఉంది కాబట్టి ఇన్నాళ్లూ ఏమీ కాలేదు. ప్రమాదంలో ఇంజన్ ఇంకా తిరుగుతుండగా, భయంతో తాళం తీసేస్తే గ్యాసు వెంటనే ఆగాలి. ఈ బండిలో ఆ పని మొదటి రక్షణ చెయ్యదు. అందుకే గ్యాస్ కారుకు మాటిమాటికీ బ్యాటరీ దిగుతుంటే బ్యాటరీ మార్చే ముందు కిట్టు ఎక్కడినుంచి కరెంటు తీసుకుంటోందో చూడాలంటాను.

ఇగ్నిషన్ తీగను విడదీసి, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకు, విడిగా ఫ్యూజుతో కలిపాను. మెలితిప్పిన చోట టంకం వేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాను. తాళం తీసి అరగంట తర్వాత మీటరు 0.03. తాళం తిప్పి, తీసి, సొలినాయిడ్ 'టక్' మని మూసుకునే చప్పుడు విన్నాను. ఇంతకు ముందు తాళం తీస్తే ఆ చప్పుడు రావడం లేదు.

బ్యాటరీని మూడున్నర ఆంపియర్ల మీద రాత్రంతా ఛార్జికి పెట్టాను, గాలి ఆడే చోట, మూతలు తెరిచి. సోమవారం పొద్దున తీసి రెండు గంటలు ఆగాక 12.6. భారం పెట్టి చూసే లోడ్ టెస్టులో 10 వోల్టులకు కాస్త కింద నిలబడింది. గొప్పగా లేదు, పోయిందనీ అనలేం. మాస్టారితో అదే చెప్పాను: వచ్చే ఎండాకాలం లోపు మార్చుకోవచ్చు, ఇప్పుడే డబ్బు పెట్టనక్కర్లేదు. బ్యాటరీ అమ్ముకోలేదని మా కుర్రాడు నావైపు చూశాడు.

బండి తీసుకోవడానికి అల్లుడు గారు వచ్చినప్పుడు డిక్కీలో సిలిండర్ ప్లేటు చూపించాను. సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకొకసారి నీటి ఒత్తిడితో చేసే హైడ్రో టెస్టు తప్పనిసరి. ఆ తేదీ దాటితే పంపులో గ్యాసు పట్టకూడదు. వీళ్లది గడువు తీరడానికి ఇంకో రెండు నెలలే ఉంది. ఆ టెస్టుకు ఇచ్చినప్పుడు సిలిండర్ ఎలాగూ ఊడదీస్తారు కాబట్టి, వాల్వు నుంచి వచ్చే వైరింగు, ఎర్త్ కూడా విప్పి చూడమని చీటీ మీద రాసిచ్చాను.